నా ప్రోగ్రామ్ ఏ షేరు అమ్మింది? ఏడాది ట్రేడ్‌లకు లాట్లు జతచేసి లాభాల రిపోర్ట్ తీసిన నా అనుభవం

2025 మే 25, ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. రెండు గంటల్లో తేలిపోతుందనుకున్న ఆ పని సెప్టెంబర్ 6న పూర్తయింది. ఆటోమేటిక్‌గా ట్రేడ్‌లు చేసే ప్రోగ్రామ్ నడుపుతూ, ట్యాక్స్ లెక్క కూడా అదే చెబుతుందిలే అనుకునేవాళ్ళ కోసం, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. 2024 జనవరిలో పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాను. అది రోజూ ఉదయం 9:20కి ఒకసారి, మధ్యాహ్నం 2:45కి ఒకసారి లేచి, కొన్ని పెద్ద కంపెనీల షేర్లకు ర్యాంకులు వేసి, బ్రోకర్ ఏపీఐ ద్వారా కొంటుంది, అమ్ముతుంది. ఏ ఆర్డర్ పెట్టింది, సగటు ధర ఎంత, ఎంత లాభం అన్నీ తన ఫైల్లో రాసుకుంటుంది. 2024-25 ఆర్థిక సంవత్సరానికి ఆ ఫైలు చూపించిన స్వల్పకాలిక లాభం 1,68,500 రూపాయలు.

అదే రోజు బ్రోకర్ సైట్ నుంచి ట్యాక్స్ రిపోర్ట్ దించుకున్నాను. అందులో స్వల్పకాలిక లాభం 1,29,350. నా లెక్కకూ వాళ్ళ లెక్కకూ తేడా 39,150. పైగా నేను కలలో కూడా అనుకోని దీర్ఘకాలిక లాభం 33,300, స్పెక్యులేషన్ నష్టం 1,150 అని మరో రెండు వరుసలు. నేను ఇంట్రాడే చేయను. దీర్ఘకాలం ఉంచినవేవీ అమ్మలేదు. మరి ఇవెక్కడివి? ఇక్కడ ఇచ్చే అంకెలన్నీ బ్రోకరేజీ, ఇతర ఛార్జీలు కలపకముందువి.

మా ఆయన, "బ్రోకర్ ఇచ్చింది పెట్టేస్తే పోలా" అన్నారు. కానీ రిటర్న్ కింద నేను సంతకం పెట్టినట్టే కదా. ఎందుకు వచ్చిందో తెలియని అంకెని నా పేరు మీద పెట్టడానికి మనసొప్పలేదు. రెండు రోజుల తర్వాత, మే 27న, రిటర్న్ గడువు జులై 31 నుంచి సెప్టెంబర్ 15కి పెంచారని వార్త వచ్చింది. ప్రాణం కాస్త కుదుటపడింది. మొత్తం మొదటి నుంచి నేనే లెక్క కడదామని కూర్చున్నాను.

మొదటి అడ్డంకి డేటా దగ్గరే వచ్చింది. మా బ్రోకర్ ఏపీఐ ఆ రోజు ట్రేడ్‌లే ఇస్తుంది, నిన్నటివి అడిగితే రావు. పాతవి కావాలంటే సైట్‌లోకి వెళ్ళి ట్రేడ్‌బుక్ సీఎస్‌వీగా దించుకోవాలి, అదీ ఒక్కోసారి ఒక్క ఏడాదికే. నా ఫైల్లో ఏడాదికి 412 ఆర్డర్లుంటే ట్రేడ్‌బుక్‌లో 1,037 వరుసలున్నాయి. ఒక ఆర్డర్ ముక్కలు ముక్కలుగా నిండితే ప్రతి ముక్కా ఒక వరుస అవుతుంది కాబట్టి ఇది తప్పేమీ కాదు. షేరువారీగా, రోజువారీగా కలిపితే కొన్న మొత్తం, అమ్మిన మొత్తం నా ఫైలుతో పైసా తేడా లేకుండా సరిపోయాయి. అంటే ట్రేడ్‌ల విషయంలో గొడవ లేదు. ఏ అమ్మకాన్ని ఏ కొనుగోలుతో జతచేయాలి అన్నదగ్గరే గొడవంతా.

జూన్ 1న రాసిన కోడ్ ఇది. ఒక్కో షేరుకి విడిగా నడుస్తుంది. మొదటిసారి రాసినప్పుడు `m` ఉన్న వరుసలు లేవు, అవి ఎందుకు చేర్చాల్సి వచ్చిందో తర్వాత చెబుతాను.

```python
from collections import deque

def match(days):
    # (date, buy_qty, buy_avg, sell_qty, sell_avg)
    lots, gains, intraday = deque(), [], []
    for d, bq, bp, sq, sp in days:
        m = min(bq, sq)
        if m:
            intraday.append((d, m, m * (sp - bp)))
        bq, sq = bq - m, sq - m
        if bq:
            lots.append([d, bq, bp])
        while sq:
            lot = lots[0]
            n = min(sq, lot[1])
            gains.append((lot[0], d, n, n * (sp - lot[2])))
            lot[1] -= n
            sq -= n
            if lot[1] == 0:
                lots.popleft()
    return gains, intraday, lots
```

ఒక రోజు ఒక ధరకు కొన్న షేర్లన్నీ కలిపి ఒక లాట్. ముందు కొన్న లాట్ ముందు అమ్ముడైనట్టు, అంతే. 2024 ఏప్రిల్ 1 నుంచి ఉన్న ట్రేడ్‌లతో నడిపితే నాలుగో షేరు దగ్గరే `IndexError` కొట్టింది. అమ్మకం ఉంది, దానికి ఎదురుగా లాట్ లేదు. జనవరి నుంచి మార్చి మధ్య కొన్నవి నేను ఇవ్వనేలేదు కదా! ఆ ఎర్రర్ రావడం మంచిదే అయింది. అది రాకుండా కోడ్‌లో ఎక్కడైనా సున్నా ధర వేసుకుని ముందుకు పోయే ఏర్పాటు చేసి ఉంటే, అమ్మిన సొమ్మంతా లాభంగా కనిపించేది. మీరు రాసుకునే కోడ్‌లో కూడా లాట్ లేకపోతే ఆగిపోయేలా ఉంచండి.

పాత ట్రేడ్‌బుక్‌లు దించడానికి వెనక్కి వెళ్తూ 2019 వరకూ వెళ్ళాను. అక్కడ గుండె ఆగినంత పనైంది.

2019లో మా అమ్మాయి చదువు కోసమని ఇన్ఫోసిస్ షేర్లు 50 కొన్నాను, ఒక్కోటి 740 రూపాయల చొప్పున. అవి ఇదే డీమ్యాట్‌లో ఉన్నాయి. వాటిని ముట్టుకోకూడదని ప్రోగ్రామ్‌కి స్పష్టంగా చెప్పాను. ప్రోగ్రామ్ కూడా మాట తప్పలేదు. 2024 జూన్‌లో తన డబ్బుతో 1,490కి 30 ఇన్ఫోసిస్ కొంది, ఆగస్ట్‌లో 1,850కి 30 అమ్మింది. లాభం 10,800 అని రాసుకుంది. నా 50 నాకే ఉన్నాయి, లెక్క సరిపోయింది అనుకున్నాను.

కానీ చట్టం లెక్క వేరు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 45(2A) సెక్షన్ ప్రకారం డీమ్యాట్‌లో ఉన్న షేర్లకు ముందు వచ్చినవి ముందు పోయినట్టే లెక్క. ఆ డీమ్యాట్ ఖాతాలోకి ముందు వచ్చినవి మా అమ్మాయి షేర్లు. కాబట్టి ఆగస్ట్‌లో పోయినవి 2019లో కొన్న 30. లాభం ఒక్కోటికి 1,110 చొప్పున 33,300, అదీ దీర్ఘకాలికం. బ్రోకర్ రిపోర్ట్‌లోని ఆ వరుస ఇదే. ఇప్పుడు నా దగ్గరున్న 50లో 2019వి 20, 2024 జూన్‌వి 30.

ఈ ఏడాది పన్ను పరంగా నాకు నష్టం లేదు. దీర్ఘకాలిక లాభం 1,25,000 దాకా పన్ను లేదు, 10,800 మీద 20 శాతం కట్టాల్సింది తప్పింది. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఐదేళ్ళు కదలకుండా ఉన్నవనుకున్న షేర్లు పది నెలల కిందటే పోయాయి, నాకు తెలియనే తెలియలేదు. మర్నాడు మా ఆడిటర్ గారికి ఫోన్ చేశాను. మా నాన్నగారి కాలం నుంచీ మా రిటర్న్‌లు చూసే మనిషి. "అమ్మా, ప్రోగ్రామ్ ఏ షేరు అమ్మాననుకుంటే మనకేం? డీమ్యాట్‌లోంచి ఏది బయటికెళ్ళిందో అదే లెక్క. నువ్వు ట్రేడ్‌లు చూస్తున్నావు, ఒకసారి డీమ్యాట్ స్టేట్‌మెంట్ చూడు" అన్నారు. మరో మాట కూడా చెప్పారు. ఈ వరుస ప్రతి డీమ్యాట్ ఖాతాకీ విడివిడిగా చూడాలని 1998లోనే సీబీడీటీ సర్క్యులర్ 768 ఇచ్చింది. ఒక ఖాతాలో పాతవి ఉన్నా, ఇంకో ఖాతాలోంచి అమ్మితే ఆ రెండో ఖాతాలో ముందు వచ్చినవే పోతాయి.

ఆయన చెప్పినట్టే డీమ్యాట్ స్టేట్‌మెంట్ సీడీఎస్‌ఎల్ సైట్ నుంచి తీశాను. జూన్ మూడో వారంలో ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఏఐఎస్ కూడా దించాను, అంటే ఆ ఏడాది నా లావాదేవీల గురించి ఆ శాఖ దగ్గరున్న వివరాల పట్టిక. షేర్ల అమ్మకం కింద 141 వరుసలున్నాయి. నా కోడ్ రోజుకొక షేరు చొప్పున చూపిస్తున్న అమ్మకాలు 147. ఆరు ఎక్కువ.

ఆ ఆరూ ఏవో వెతకడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఒకటి చూపిస్తాను. జూన్‌లో 430కి కొన్న ఐటీసీ 100 ఉన్నాయి. ఆగస్ట్ చివరి వారంలో ఒక రోజు ర్యాంకు తగ్గిందని ఉదయం 9:20కి ప్రోగ్రామ్ ఆ వందా 500కి అమ్మింది. మధ్యాహ్నానికి ర్యాంకు మళ్ళీ పెరిగింది, 2:45కి 504కి వంద కొంది. తన ఫైల్లో 7,000 లాభం రాసుకుని, 504 ధరతో కొత్త లాట్ మొదలుపెట్టింది. అక్టోబర్‌లో 490కి అమ్మినప్పుడు 1,400 నష్టం రాసుకుంది. మొత్తం మీద 5,600.

డీమ్యాట్ స్టేట్‌మెంట్‌లో ఆ ఆగస్ట్ రోజుకి ఐటీసీ వరుసే లేదు. ఒకే రోజు వంద అమ్మి వంద కొంటే, సాయంత్రం నేను ఇవ్వాల్సిన షేర్లూ లేవు, నాకు రావాల్సినవీ లేవు. జూన్ లాట్ కదలకుండా అక్కడే ఉంది. చట్టం దృష్టిలో ఆ రోజు జరిగింది డెలివరీ లేని ట్రేడ్, అంటే స్పెక్యులేషన్. 500కి అమ్మి 504కి కొన్నందుకు 400 నష్టం. అక్టోబర్‌లో అమ్ముడైంది 430 నాటి లాట్, లాభం 6,000. రెండూ కలిపితే అదే 5,600. కానీ కలపడానికి వీల్లేదు. స్పెక్యులేషన్ నష్టాన్ని స్పెక్యులేషన్ లాభంతోనే సర్దుకోవాలి, లేకపోతే నాలుగేళ్ళు ముందుకు తీసుకెళ్ళాలి. ఆరు రోజులవీ కలిపి నాకు 1,150 నష్టం తేలింది, స్వల్పకాలిక లాభం అంతే పెరిగింది. కోడ్‌లో `m` వరుసలు అప్పుడు చేర్చాను. అదే రోజు కొన్నదీ అమ్మినదీ ముందు ఒకదానికొకటి కొట్టేసి, మిగిలిన దాన్నే పాత లాట్లతో జతచేయాలి. మళ్ళీ నడిపితే 141 వచ్చింది. ఆ అంకె తెర మీద చూసినప్పటి సంతోషం మాటల్లో చెప్పలేను.

ఏఐఎస్‌ని వరుసలు, సంఖ్యలు సరిచూసుకోవడానికే వాడండి, ధరలకు కాదు. అందులో అమ్మిన ధర నా కాంట్రాక్ట్ నోట్ ధరతో చాలాచోట్ల కలవలేదు, ఆ రోజు ముగింపు ధరకు దగ్గరగా ఉంది. రిటర్న్‌లో పెట్టాల్సింది కాంట్రాక్ట్ నోట్ ధరే.

ఆ 1,150 రూపాయల వల్ల ఇంకో మార్పు వచ్చింది. స్పెక్యులేషన్ అంటే వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది, కాబట్టి ఐటీఆర్-2 చాలదు, ఐటీఆర్-3 వేయాలి. అది పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో నింపే వీలు జులై చివర్లో గానీ రాలేదు. అంతదాకా ఆగాను.

ఈ ఆగిన సమయంలోనే మూడోది, అన్నిటికంటే లోతైనది బయటపడింది. అప్పటికి ఇన్ఫోసిస్, ఐటీసీ లాంటివి సర్దాక కూడా బ్రోకర్ అంకెకూ నా ఫైలుకూ ఇంకా 29,500 తేడా ఉంది. మొత్తం ఒక్క షేరులోనే, రిలయన్స్.

2024 సెప్టెంబర్ మధ్యలో ప్రోగ్రామ్ 2,950కి 20 రిలయన్స్ కొంది. బోనస్ ఎవరెవరికి రావాలో తేల్చే రికార్డు తేదీ అక్టోబర్ 28గా, ఒకటికి ఒకటి బోనస్ వచ్చింది. ఆ ఉదయం ధర సగమై కనిపిస్తే ప్రోగ్రామ్ భయపడి స్టాప్‌లాస్ కొట్టేస్తుందని, ముందురోజే దాన్ని ఆపి, ఫైల్లో 20 షేర్లు 2,950 అని ఉన్నదాన్ని 40 షేర్లు 1,475 అని నా చేత్తో మార్చాను. ట్రేడింగ్‌కి అది సరైన పనే. పన్ను లెక్కకి మాత్రం పనికిరాదు. డిసెంబర్ మధ్యలో అందులో 20 షేర్లు 1,270కి అమ్మింది. నా ఫైలు ప్రకారం ఒక్కోటికి 205 చొప్పున నష్టం 4,100.

బోనస్ షేర్లకు కొన్న ధర సున్నా. పాత 20కి 2,950 అలాగే ఉంటుంది, సగం కాదు. ముందు వచ్చినవి ముందు పోతాయి కాబట్టి డిసెంబర్‌లో పోయినవి ఆ పాత 20. 1,270కి అమ్మితే ఒక్కోటికి 1,680 చొప్పున నష్టం 33,600. బ్రోకర్ రిపోర్ట్‌లో ఉన్నది ఇదే.

ఇక్కడ ఒక్క క్షణం ఆశ పుట్టిన మాట నిజం. 33,600 నష్టం చూపిస్తే సెస్సుతో కలిపి దాదాపు 7,000 రూపాయల పన్ను తగ్గుతుంది. బ్రోకరే ఇచ్చాడు కదా అనిపించింది. ఆడిటర్ గారికి షీట్ పంపాను. జులై 12న ఫోన్ చేసి, "రికార్డు తేదీకి ఎన్నాళ్ళ ముందు కొన్నావమ్మా?" అని అడిగారు. నెలన్నర అన్నాను. "బోనస్‌గా వచ్చినవి ఇంకా ఉన్నాయా?" ఉన్నాయి అన్నాను. "అయితే ఈ నష్టం రాదు" అన్నారు.

అది 94(8) సెక్షన్. రికార్డు తేదీకి ముందు మూడు నెలల్లోపు కొని, బోనస్ తీసుకుని, ఆ తేదీ తర్వాత తొమ్మిది నెలల్లోపు పాతవి అమ్మి, బోనస్‌వి ఇంకా చేతిలో ఉంచుకుంటే, పాతవాటి మీద వచ్చిన నష్టాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఆ నష్టం ఎక్కడికీ పోదు, చేతిలో ఉన్న బోనస్ షేర్లకు కొన్న ధరగా మారుతుంది. ఇంతకుముందు ఇది మ్యూచువల్ ఫండ్ యూనిట్లకే ఉండేది. 2022 ఫైనాన్స్ చట్టంతో షేర్లకీ తెచ్చారు, 2023-24 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి వర్తించింది. కాబట్టి నా 20 బోనస్ షేర్ల ధర ఇప్పుడు సున్నా కాదు, మొత్తం 33,600, ఒక్కోటి 1,680. అవి అమ్మిన రోజు ఆ లెక్క తేలుతుంది.

ఒకే అమ్మకానికి మూడు జవాబులు. నా ప్రోగ్రామ్ 4,100 నష్టం అంది. బ్రోకర్ రిపోర్ట్ 33,600 నష్టం అంది. రిటర్న్‌లోకి వెళ్ళింది సున్నా. బ్రోకర్ అంకె 1,29,350కి ఆ 33,600 తిరిగి కలిపితే 1,62,950. ఈ బోనస్ నష్టాన్ని పక్కన పెట్టేలా మార్చాక నా కోడ్ చివరికి ఇచ్చిందీ అదే. బోనస్ వచ్చిన షేరు ఏదైనా మీ రిపోర్ట్‌లో పెద్ద నష్టంతో కనిపిస్తే, ముందు కొన్న తేదీకీ రికార్డు తేదీకీ మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టండి. రిపోర్ట్ తనంతట తను చెప్పకపోవచ్చు.

ఇక మిగిలినవి చిన్న పనులే గానీ ఒక వారాంతం తినేశాయి. 2024 జులై 23 నుంచి స్వల్పకాలిక లాభం మీద పన్ను 15 నుంచి 20 శాతానికి పెరిగింది కాబట్టి అమ్మిన తేదీని బట్టి రెండుగా విడగొట్టాలి. జులై 23న అమ్మినవి కొత్త రేటులోకే వస్తాయి. అది కాక రిటర్న్‌లో లాభాన్ని జూన్ 15 వరకు, సెప్టెంబర్ 15 వరకు, డిసెంబర్ 15 వరకు, మార్చి 15 వరకు, మార్చి 31 వరకు అని ఐదు ముక్కలుగా అడుగుతారు. ముందస్తు పన్ను కట్టలేదు కాబట్టి నాకు వడ్డీ పడింది, ఆ వడ్డీ లెక్కకే ఈ ముక్కలు కావాలి. ఛార్జీలలో కూడా ఒక తప్పు దొరికింది. నా ప్రోగ్రామ్ షేర్ల లావాదేవీల మీద పడే పన్ను ఎస్‌టీటీని కూడా ఖర్చుగా తీసేస్తోంది. మూలధన లాభంలోంచి బ్రోకరేజీ తీసేయొచ్చు, ఎస్‌టీటీ తీయకూడదు. దాన్ని తిరిగి కలిపాను.

ఆగస్ట్ 16న ఆడిటర్ గారికి చివరి షీట్ ఇచ్చాను. ప్రతి వరుసలో కొన్న తేదీ, అమ్మిన తేదీ, సంఖ్య, రెండు ధరలు, లాభం, ఏ కోవలోకి వస్తుందో ఉన్నాయి. ఆయన అందులోంచి పన్నెండు వరుసలు తనకు నచ్చినవి ఎంచుకుని కాంట్రాక్ట్ నోట్లు అడిగారు. అన్నీ సరిపోయాయి. ఫీజు 7,500 తీసుకున్నారు, ఐటీఆర్-3 కాబట్టి నిరుటి కంటే ఎక్కువే. సెప్టెంబర్ 6, శనివారం ఉదయం పన్ను, వడ్డీ కట్టి, రిటర్న్ వేసి, ఆధార్ ఓటీపీతో వెరిఫై చేశాం. గడువు చివర్లో 16కి పెంచారు గానీ అప్పటికి నాకు టెన్షన్ లేదు. అక్టోబర్ 9న ఇంటిమేషన్ వచ్చింది, మేం చూపించిన లెక్కే ఒప్పుకున్నారు.

సెప్టెంబర్‌లోనే ఇంకో బ్రోకర్ దగ్గర రెండో డీమ్యాట్ తెరిచి ప్రోగ్రామ్‌ని అక్కడికి మార్చాను. ఏడాదికి మెయింటెనెన్స్ ఛార్జీ అదనంగా పడుతుంది, పడనీ. ఉదయం అమ్మిన షేరుని అదే రోజు మళ్ళీ కొనకుండా ఒక షరతు పెట్టాను. బోనస్ వచ్చినప్పుడు ట్రేడింగ్ ఫైలు ఒక్కటే మారుతుంది, లాట్ల ఫైలు విడిగా ఉంటుంది. దాంట్లో 2025 ఏప్రిల్ 1 నాటి నిల్వగా పైన ఉన్న రెండు వరుసలు ఇన్ఫోసిస్‌వి. 2019వి 20, 740 రూపాయలు. 2024 జూన్‌వి 30, 1,490 రూపాయలు. పాత డీమ్యాట్‌లో ఇప్పుడు ఏ ప్రోగ్రామూ నడవడం లేదు.